రీవాల్యుయేషన్‌కి అర్జీ: ఏది అడగాలి, ఏ కాగితం జత చేయాలి, ఎలా రాయాలి

ఫలితాలు వచ్చిన మర్నాడు మా కాలేజీ పరీక్షల సెక్షన్ కిటికీ దగ్గర వినపడే మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే: "సార్, నేను బాగానే రాశాను సార్." పదమూడేళ్లుగా ఆ కిటికీకి ఇవతలి వైపు కూర్చుంటున్నాను. బాగా రాశామన్న మాట చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ ఆ మాట పట్టుకుని యూనివర్సిటీ ఆఫీసులో ఎవరూ ఏమీ చేయలేరు. వాళ్లకు కావలసింది హాల్ టికెట్ నంబరు, పేపర్ కోడ్, డబ్బు కట్టిన రుజువు, ఏం చూడమంటున్నారో చెప్పే ఒక్క వాక్యం. ఈ నాలుగూ సరిగ్గా ఉన్న అర్జీ కదులుతుంది. ఒకటి తప్పినా మూడు పేజీల ఉత్తరం కూడా ఫైల్లోనే పడి ఉంటుంది.

ఇక్కడ చెప్పేది మన డిగ్రీ, బీటెక్ యూనివర్సిటీల పద్ధతిని దృష్టిలో పెట్టుకుని. ఫీజు ఎంత, గడువు ఎన్ని రోజులు అన్నవి యూనివర్సిటీకో రకంగా, ఏడాదికో రకంగా మారతాయి. అవి ఫలితాలతో పాటు వచ్చే నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. సీనియర్ చెప్పిన పాత లెక్క నమ్మి తక్కువ కట్టినవాళ్లను ప్రతి సెమిస్టర్‌లో చూస్తాను.

ముందు మీ పేపర్ ఎక్కడుందో తెలియాలి

పరీక్ష హాల్లో మీరు ఇచ్చిన ఆన్సర్ బుక్‌లెట్ మీ పేరుతో దిద్దేవాళ్ల దగ్గరికి వెళ్లదు. మొదటి పేజీ మీద హాల్ టికెట్ నంబరు ఉన్న భాగాన్ని వేరు చేస్తారు, లేదా బార్‌కోడ్ ఉంటే దాని మీదే నడిపిస్తారు. అప్పటి నుంచి ఆ బుక్‌లెట్‌కి ఒక కోడ్ నంబరే గుర్తు. కోడ్ వేసిన బుక్‌లెట్లను కట్టలు కట్టి స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుకి పంపుతారు. కొన్నిచోట్ల స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీదే దిద్దిస్తారు. మార్కులు కోడ్ నంబరు ఎదురుగా పడతాయి. అంతా అయ్యాక కోడ్‌ని మళ్లీ హాల్ టికెట్ నంబరుతో కలిపి ఫలితం తీస్తారు.

మీ అర్జీ వచ్చినప్పుడు అక్కడి ఉద్యోగి ఇదే దారిలో వెనక్కి నడవాలి. హాల్ టికెట్ నంబరు నుంచి కోడ్, కోడ్ నుంచి కట్ట, కట్ట నుంచి మీ బుక్‌లెట్. మీరు ఒక్క అంకె తప్పు రాస్తే ఇంకొకరి బుక్‌లెట్ బయటికొస్తుంది, లేదంటే ఏదీ రాదు. వివరాలు జాగ్రత్తగా రాయమని ఇంతగా చెప్పడం అందుకే.

మొదటి అడుగు: మూడింట్లో ఏది కావాలో తేల్చుకోండి

"రీవాల్యుయేషన్ పెట్టాను" అని అందరూ అంటారు గానీ, నోటిఫికేషన్‌లో సాధారణంగా మూడు వేర్వేరు పనులు ఉంటాయి.

రీకౌంటింగ్ అంటే మళ్లీ దిద్దడం కాదు. వేసిన మార్కులన్నీ సరిగ్గా కూడారా, లోపలి పేజీల్లో వేసినవి ముందు పేజీ గళ్లలోకి వచ్చాయా, ఏదైనా జవాబు అసలు దిద్దకుండా వదిలేశారా అని చూడటం. చాలా యూనివర్సిటీల్లో వదిలేసిన జవాబు దొరికితే దానికి మార్కులు వేయిస్తారు. మూడింట్లో దీని ఫీజే తక్కువగా ఉంటుంది.

రీవాల్యుయేషన్ అంటే వేరే ఎగ్జామినర్ చేత పేపర్ మొత్తం మళ్లీ దిద్దించడం. మొదటి మార్కులకూ రెండో మార్కులకూ తేడా మరీ ఎక్కువ వస్తే మూడో వ్యక్తికి పంపే నిబంధన చాలాచోట్ల ఉంది.

మూడోది ఫొటోకాపీ. అందరూ జిరాక్స్ అనేది దీన్నే. దిద్దిన మీ పేపర్ నకలు మీకిస్తారు. కొన్ని యూనివర్సిటీలు ఫొటోకాపీ తీసుకున్నవాళ్లకే రీవాల్యుయేషన్ అంటాయి. కొన్ని దేనికదే అంటాయి.

నా అభిప్రాయం అడిగితే, గడువు కలిసొచ్చే చోట ముందు ఫొటోకాపీ తీసుకోవాలి. పేపర్ కళ్లారా చూశాక రీకౌంటింగ్ చాలో, రీవాల్యుయేషన్ కావాలో, లేక నోరు మూసుకుని సప్లిమెంటరీకి చదువుకోవాలో తెలుస్తుంది. మూడో సంగతి చెప్పడానికి మొహమాటం ఎందుకు, చాలామంది విషయంలో అదే నిజం. కానీ ఫొటోకాపీ చేతికొచ్చే లోపు రీవాల్యుయేషన్ గడువు దాటిపోయేలా ఉంటే ఆగొద్దు. గడువు లోపలే డబ్బు కట్టేయండి.

ఆ గడువు సాధారణంగా పది, పదిహేను రోజులకు మించదు. అది లెక్కపెట్టేది ఫలితాలు వెబ్‌సైట్లో పెట్టిన తేదీ నుంచి. మెమో కాలేజీకి వచ్చి మీ చేతికందిన తేదీ నుంచి కాదు. మెమో కోసం చూస్తూ కూర్చుని గడువు పోగొట్టుకున్నవాళ్లు ఏటా ఉంటారు.

ఇంకొక ప్రశ్న కూడా ఇప్పుడే అడగాలి: రీవాల్యుయేషన్‌లో మార్కులు తగ్గితే ఏమవుతుంది? కొన్ని యూనివర్సిటీల్లో రెండింట్లో ఎక్కువవి ఉంచుతారు. కొన్నింట్లో రెండోసారి వచ్చినవే ఖాయం. పాసైన పేపర్‌కి గ్రేడ్ పెంచుకుందామని పెట్టేవాళ్లు ఈ ఒక్క లైను చదవకుండా ఫీజు కట్టకూడదు. ఇంటర్నల్ మార్కులకూ ప్రాక్టికల్స్‌కూ మామూలుగా రీవాల్యుయేషన్ ఉండదు. ఇంటర్నల్స్ తప్పుగా ఎక్కితే ఆ అర్జీ వేరు, అది కాలేజీ నుంచి నడవాలి.

రెండో అడుగు: ఫొటోకాపీని చదవడం

కిందటేడు ఒక బీఎస్సీ అమ్మాయి విషయం చెప్తాను. మూడో సెమిస్టర్ స్టాటిస్టిక్స్ పేపర్, యూనివర్సిటీ పరీక్ష 80 మార్కులకు. సెక్షన్ ఎ లో పన్నెండు చిన్న ప్రశ్నల్లో ఎనిమిది రాయాలి, ఒక్కోటి 4 మార్కులు. సెక్షన్ బి లో నాలుగు పెద్ద ప్రశ్నలు, ఒక్కోటి 12. పాస్ కావాలంటే 32 రావాలి. ఆమెకు వచ్చినవి 27. అయిదు మార్కుల తేడా కదా, రీవాల్యుయేషన్‌లో కలుస్తాయిలే అని ఫీజు కట్టడానికి వచ్చింది. ముందు జిరాక్స్ తీసుకోమ్మా అన్నాను.

జిరాక్స్ వచ్చాక ఇద్దరం కూర్చుని చూశాం. నేను ఎప్పుడూ జవాబులతో మొదలుపెట్టను, ముందు పేజీ గళ్లతో మొదలుపెడతాను. సెక్షన్ ఎ గళ్లలో 3, 2, 2, 3, 0, 2, 1, 2. మొత్తం 15. సెక్షన్ బి లో 13వ ప్రశ్నకు 5, 14కి 4, 15కి 3. పదిహేనూ పన్నెండూ 27. కూడిక సరిపోయింది. ఇక్కడే చాలామంది కాగితం మడిచేస్తారు.

16వ ప్రశ్న గడి ఖాళీగా ఉంది. సున్నా కాదు, ఖాళీ. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. పైన అయిదో గడిలో సున్నా వేశారు చూడండి, అంటే ఆ జవాబు చూశారు, మార్కు ఇవ్వలేదు. ఖాళీ గడి అంటే అభ్యర్థి ఆ ప్రశ్న రాయలేదని ఎగ్జామినర్ అనుకున్నట్టు. "పదహారు రాశావా?" అని అడిగితే, "రాశాను సార్, చివర్లో" అంది.

పేజీలు తిప్పాం. 19వ పేజీలో 15వ ప్రశ్న ముగిసింది. 20వ పేజీ ఖాళీ. తొందరలో ఒక పేజీ వదిలేసి తర్వాతి పేజీలో మొదలుపెట్టినట్టుంది. ఖాళీ పేజీ మీద మూల నుంచి మూలకు గీత కొట్టి ఉంది. 21, 22 పేజీల్లో 16వ ప్రశ్న జవాబు నిండుగా ఉంది. ఆ రెండు పేజీల మీద ఒక్క టిక్కు లేదు, గీత లేదు, మార్జిన్‌లో అంకె లేదు. ఖాళీ పేజీ చూసి జవాబులు అయిపోయాయనుకుని ఎగ్జామినర్ అక్కడే ఆగిపోయారు.

ఇది రీవాల్యుయేషన్‌కి వెళ్లాల్సిన కేసు కాదు, రీకౌంటింగ్‌లోనే తేలుతుంది. రీవాల్యుయేషన్ పెట్టి ఉంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ రోజులు పట్టేవి. పైగా మిగతా పేపరంతా కొత్తగా దిద్దేటప్పుడు ఉన్న 27 ఎటు పోతాయో చెప్పలేం.

మీ జిరాక్స్‌లో మీరు చూడాల్సినవి కూడా ఇవే. గళ్ల కూడిక, గడిలో అంకెకూ లోపలి పేజీలో అంకెకూ పొంతన, ఖాళీ గళ్లు, ఎరుపు ఇంకు తగలని పేజీలు, అడిషనల్ షీట్లు కట్టి ఉంటే అవి కూడా నకల్లో వచ్చాయా లేదా. వీటిలో ఏ లోపమూ లేక, జవాబుకు తగ్గ మార్కులు పడలేదని మాత్రమే అనిపిస్తే అప్పుడు రీవాల్యుయేషన్. ఆ మాట మీరే అనుకోకుండా, ఆ సబ్జెక్టు చెప్పే లెక్చరర్ చేత ఒకసారి చదివించండి. ఆయన "రెండు మూడు మార్కులు రావచ్చు" అంటే, మీకు కావలసినవి పన్నెండయితే, ఫీజు కట్టే ముందు ఆలోచించుకోవాలి.

మూడో అడుగు: ఫీజు, దాని రుజువు

ఒకప్పుడు డీడీ తీయాలి, చలానా కట్టాలి. ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్. యూనివర్సిటీ పోర్టల్, లేదా SBI Collect, కొన్నిచోట్ల కాలేజీలోనే కట్టించుకుని అందరివీ కలిపి పంపుతారు. ఏ దారైనా రసీదు మీద నాలుగు సంగతులు కనపడాలి: ఎంత కట్టారు, ఏ తేదీన, లావాదేవీ నంబరు, దేని కోసం కట్టారు. నాలుగోది చాలామంది పట్టించుకోరు. పోర్టల్లో "పరీక్ష ఫీజు" కింద కట్టేసి, రీకౌంటింగ్‌కి కట్టామంటారు. ఆ డబ్బు ఇంకో పద్దులోకి వెళ్లిపోతుంది. మళ్లీ తేవడానికి ఒక సెమిస్టర్ పడుతుంది.

ఫోన్‌లో డబ్బు పోయినట్టు చూపించే స్క్రీన్‌షాట్ రసీదు కాదు. అది మీ ఖాతాలో డబ్బు తగ్గిందని మాత్రమే చెప్తుంది, యూనివర్సిటీకి చేరిందని చెప్పదు. పోర్టల్ ఇచ్చే రసీదునే డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయండి. డబ్బు కట్ అయి రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టొద్దు. SBI Collect లో అయితే Payment History అనే చోట పుట్టిన తేదీ, మొబైల్ నంబరు ఇచ్చి పాత రసీదు మళ్లీ తీసుకోవచ్చు. కట్టేటప్పుడు ఏ తేదీ, ఏ నంబరు ఇచ్చారో అవే ఇవ్వాలి. నెట్ సెంటర్ అబ్బాయి తన మొబైల్ నంబరు కొట్టి ఉంటే మళ్లీ వాడి దగ్గరికే వెళ్లాలి. అందుకే మీ నంబరే కొట్టించండి.

యూపీఐతో కట్టి ఉంటే యాప్‌లో 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది. రసీదు రాని సందర్భంలో ఆ నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క లైను, రెండూ అర్జీకి జత చేస్తే అకౌంట్స్ సెక్షన్ వాళ్లు వెతకగలరు. గడువు చివరి రోజు రాత్రి కట్టేవాళ్లకే ఈ తంటాలన్నీ. సర్వర్ మీద అందరూ ఒకేసారి పడేది అప్పుడే కదా.

రసీదులో అమ్మానాన్నల పేరో, అన్న పేరో ఉంటే ఫర్వాలేదు. కానీ అర్జీలో "ఫీజు మా నాన్నగారి ఖాతా నుంచి చెల్లించాను" అని ఒక ముక్క రాయండి. లేకపోతే పేరు కలవలేదని పక్కన పెట్టే అవకాశం ఉంది.

నాలుగో అడుగు: వివరాలు

హాల్ టికెట్ నంబరు మెమో మీద చూసి రాయండి, గుర్తున్నది కదా అని రాయొద్దు. ముఖ్యంగా జేఎన్‌టీయూ తరహా పది అక్షరాల నంబర్లు రాసేవాళ్లు. వాటిలో అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిసి ఉంటాయి. చివరి రెండు స్థానాలు 99 దాటాక A0, A1 అని మొదలై B0, B1 దాకా పోతాయి. చేతిరాతలో B ని 8 లాగా, సున్నాని O లాగా చదవడం మా కిటికీ దగ్గర రోజూ జరిగే పనే. పెద్ద అక్షరాల్లో, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాసినట్టు విడివిడిగా రాయండి. సందేహం ఉంటే టైపు చేయించండి.

దాని తర్వాత ముఖ్యమైనది పేపర్ కోడ్. సబ్జెక్టు పేరు ఒక్కటే చాలదు, ఎందుకంటే ఒకే పేరుతో పాత రెగ్యులేషన్‌లో ఒక కోడ్, కొత్త దాంట్లో ఇంకో కోడ్ ఉంటాయి. మెమోలో, ప్రశ్నపత్రం మీద పైన ఆ కోడ్ ఉంటుంది. ఏ నెల, ఏ సంవత్సరం పరీక్షో రాయాలి. రెగ్యులర్‌గా రాశారా, సప్లిమెంటరీ రాశారా అన్నది కూడా. బ్యాక్‌లాగ్ పేపర్ ఉన్నవాళ్లు ఇది రాయకపోతే అదే సబ్జెక్టుకు వాళ్లవి రెండు బుక్‌లెట్లు ఉంటాయి, ఏది తీయాలో తెలియదు.

పేరు మాత్రం పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి. ఇంటిపేరు ముందో వెనకో అది చూసే తేల్చుకోండి.

అయిదో అడుగు: ఉత్తరం

ఆన్‌లైన్ దరఖాస్తు మాత్రమే ఉన్న చోట ఉత్తరం అక్కర్లేదనుకుంటారు. నిజమే, ఫారం నింపితే పని మొదలవుతుంది. కానీ మీ దగ్గర ఆ అమ్మాయి కేసులా చూపించాల్సిన లోపం ఉంటే, పోర్టల్ ఫారంలో దానికి చోటుండదు. అప్పుడు ప్రింట్ తీసిన దరఖాస్తుకు ఒక పేజీ ఉత్తరం జోడించి ఇవ్వాలి. తెలుగులో రాయొచ్చు. తెలుగు రాష్ట్రాల్లోని యూనివర్సిటీ ఆఫీసులో తెలుగు ఉత్తరం తీసుకోకపోవడం నేను చూడలేదు. బెంగళూరులోనో పుణేలోనో చదువుతుంటే ఇదే వరుసలో ఇంగ్లిష్‌లో రాసుకోండి.

మర్యాద గురించి ఒక మాట. మర్యాద అంటే కాళ్లావేళ్లా పడటం కాదు. "మాది పేద కుటుంబం, నాన్నకు ఆరోగ్యం బాగాలేదు, తమరే దిక్కు" అని రాసినంత మాత్రాన మార్కులు వేసే అధికారం చదివేవాళ్లకు లేదు. చదివి బాధపడి ఊరుకుంటారు. ఇంకో వైపు, "నా పేపర్ నిర్లక్ష్యంగా దిద్దారు, బాధ్యుల మీద చర్య తీసుకోవాలి" అని రాస్తే ఆ ఉత్తరం రీకౌంటింగ్ సెక్షన్‌కి వెళ్లదు, ఫిర్యాదుల ఫైల్లోకి వెళ్లి విచారణ కోసం కూర్చుంటుంది. మీకు కావలసింది 16వ ప్రశ్నకు మార్కులు. కాబట్టి తప్పు మనిషి మీద కాకుండా కాగితం మీద పెట్టండి. "ఎగ్జామినర్ నా జవాబు వదిలేశారు" అనకుండా "ఈ జవాబుకు మార్కులు నమోదు కాలేదని గమనించాను" అనండి. రెండూ ఒకటే సంగతి, రెండో దానికి ఎవరూ ఎదురు చెప్పక్కర్లేదు.

ఆ అమ్మాయి చేత రాయించిన ఉత్తరం దాదాపు ఇలా ఉంది. చుక్కలున్న చోట మీ వివరాలు వేసుకోండి.

తేదీ: ..........

గౌరవనీయులైన కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ గారికి,
పరీక్షల విభాగం, .......... విశ్వవిద్యాలయం.
(ప్రిన్సిపాల్ గారి ద్వారా)

విషయం: బీఎస్సీ మూడో సెమిస్టర్ (రెగ్యులర్) స్టాటిస్టిక్స్, పేపర్ కోడ్ .......... – 16వ ప్రశ్న జవాబుకు మార్కులు నమోదు కానందున రీకౌంటింగ్ కోరుతూ.

సూచిక: 1. .......... తేదీన వెలువడిన ఫలితాలు. 2. రీకౌంటింగ్ నోటిఫికేషన్ నం. .........., తేదీ ........... 3. ఫీజు రసీదు నం. .........., తేదీ ...........

ఆర్యా,

నేను .......... కళాశాలలో బీఎస్సీ చదువుతున్నాను. నా హాల్ టికెట్ నంబరు ........... పై పేపర్‌లో నాకు 80కి 27 మార్కులు వచ్చినట్టు ఫలితాల్లో ప్రకటించారు.

తమ కార్యాలయం నుంచి పొందిన జవాబు పత్రం ఫొటోకాపీలో 21, 22 పేజీల్లో 16వ ప్రశ్నకు నేను రాసిన జవాబు ఉంది. ఆ పేజీల్లో గానీ, మొదటి పేజీలోని 16వ గడిలో గానీ మార్కులు నమోదు కాలేదని గమనించాను. 20వ పేజీ నేను పొరపాటున ఖాళీగా వదిలాను.

కావున నా జవాబు పత్రాన్ని పరిశీలించి, 16వ ప్రశ్న జవాబును మూల్యాంకనం చేయించి, సవరించిన మార్కులు తెలియజేయవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. రీకౌంటింగ్ ఫీజు మా నాన్నగారి ఖాతా నుంచి గడువులోగా చెల్లించాను.

ఇట్లు,
భవదీయ,
(సంతకం)
పేరు, హాల్ టికెట్ నంబరు, మొబైల్ నంబరు, ఈమెయిల్

జతపరచినవి: 1. హాల్ టికెట్ నకలు. 2. ఫలితాల మెమో ప్రింట్. 3. ఫీజు రసీదు. 4. ఫొటోకాపీలోని మొదటి పేజీ, 19 నుంచి 22 వరకు పేజీలు.

"20వ పేజీ నేను పొరపాటున ఖాళీగా వదిలాను" అన్న వాక్యం రాయనని ఆ అమ్మాయి మొండికేసింది. తప్పు మనదే అని ఒప్పుకున్నట్టుంటుంది కదా సార్ అని. కానీ ఆ ఒక్క వాక్యం వల్లే ఉత్తరం చదివిన మనిషికి ఏం జరిగిందో బోధపడుతుంది. అబ్బాయిలు రాసేటప్పుడు "భవదీయుడు" అనాలి. నోటిఫికేషన్ నంబరు దొరక్కపోతే తేదీ రాస్తే చాలు.

రీవాల్యుయేషన్ అడిగేటప్పుడు ఉత్తరం ఇంకా చిన్నది. ఫలానా ప్రశ్నకు ఇన్ని మార్కులు రావాలి అని మీరు లెక్క కట్టి రాయొద్దు. రెండో ఎగ్జామినర్‌కి మీ ఉత్తరం చూపించరు, మొదటి మార్కులు కూడా తెలియకుండానే దిద్దిస్తారు చాలాచోట్ల. వివరాలు, రసీదు, ఒక అభ్యర్థన వాక్యం, అంతే.

ఆరో అడుగు: ఇవ్వడం, అందినట్టు తీసుకోవడం

కాలేజీ ద్వారా పంపాల్సి ఉంటే ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర, ఫార్వర్డింగ్ తేదీ ఉండాలి. ముద్ర వేసి తేదీ వేయడం మా వాళ్లే మర్చిపోతుంటారు, మీరు అడగండి. నేరుగా ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోవాలి. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, వెళ్లినా అడిగేది ఆ ఇన్‌వార్డ్ నంబరే. దూరమైతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఆన్‌లైన్లో పెట్టినవాళ్లు అప్లికేషన్ నంబరు ఉన్న పేజీ ప్రింట్ తీసుకోవాలి. ఫీజు కట్టాక సబ్మిట్ నొక్కకుండా పేజీ మూసేసేవాళ్లున్నారు. డబ్బు చేరుతుంది, అర్జీ చేరదు. మళ్లీ లాగిన్ అయి అర్జీ కనపడుతోందో లేదో చూసుకోండి.

ఫలితం వచ్చేలోగా

సప్లిమెంటరీ ఫీజు కట్టేయండి. ఇది సలహా కాదు, నా లెక్కలో నియమం. రీవాల్యుయేషన్ ఫలితం సప్లిమెంటరీ ఫీజు గడువు దాటాక రావడం కొత్త కాదు. అది రాలేదని ఆగితే, ఫలితంలో మార్పు లేదని వచ్చిననాడు రెండు దారులూ మూసుకుపోయి ఉంటాయి. కట్టిన సప్లిమెంటరీ ఫీజు పాసయ్యాక మామూలుగా వెనక్కి రాదు. ఒక పేపర్ ఫీజు పోతుంది, ఒక సెమిస్టర్ పోదు.

నెల దాటినా కబురు లేకపోతే ఇన్‌వార్డ్ నంబరు, హాల్ టికెట్ నంబరు వేసి నాలుగు వాక్యాల ఉత్తరం ఇంకోటి ఇవ్వండి. "నా అర్జీ ప్రస్తుతం ఏ దశలో ఉందో తెలియజేయ ప్రార్థన" అంటే చాలు. పాత ఉత్తరం మొత్తం తిరగరాయొద్దు, రెండు అర్జీలనుకుని రెండు ఫైళ్లు తెరుస్తారు.

ఫొటోకాపీ గడువు దాటిపోయిందా? అయితే సమాచార హక్కు చట్టం ఉంది. దిద్దిన తన జవాబు పత్రాన్ని చూసుకునే, నకలు తీసుకునే హక్కు అభ్యర్థికి ఉందని 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో తేల్చింది. దిద్దినవారి పేరు మాత్రం చెప్పక్కర్లేదంది. యూనివర్సిటీ పౌర సమాచార అధికారి పేరిట 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. నకలు ఖర్చు వేరు. అయితే రెండు పరిమితులున్నాయి. జవాబు పత్రాలను యూనివర్సిటీ కొంతకాలమే దాస్తుంది, ఆ తర్వాత చింపేస్తుంది, కాబట్టి ఆలస్యం పనికిరాదు. రెండోది, ఇలా నకలు వచ్చినంత మాత్రాన దాటిపోయిన రీవాల్యుయేషన్ గడువు మళ్లీ తెరుచుకోదు. దిద్దని జవాబులాంటి స్పష్టమైన లోపం దొరికితే దాన్ని చూపించి ప్రత్యేకంగా అర్జీ పెట్టుకోవచ్చు, అంతవరకే.

కోర్టుకి వెళ్తామనేవాళ్లు కూడా వస్తుంటారు. పరీక్ష నిబంధనలు రీవాల్యుయేషన్ వద్దంటే అది హక్కుగా అడగలేమని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. 2017 డిసెంబర్‌లో రణ్ విజయ్ సింగ్ కేసులో, నిబంధన లేని చోట కోర్టులు పునఃపరిశీలనకు ఆదేశించడం చాలా అరుదుగా, తప్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తేనే చేయాలని, జవాబు పత్రాల్ని కోర్టే దిద్దే పని పెట్టుకోకూడదని చెప్పింది. మార్కులు తక్కువ పడ్డాయన్న బాధ అక్కడ నిలవదు. దిద్దకుండా వదిలేసిన పేజీ అయితే వేరే సంగతి.

ఆ స్టాటిస్టిక్స్ అమ్మాయికి అయిదు వారాల తర్వాత ఫలితం వచ్చింది. 16వ ప్రశ్నకు 6 మార్కులు, మొత్తం 33. వెబ్‌సైట్లో చూసి సంబరపడి ఇంటికి వెళ్లిపోబోతే ఆపాను. మార్కులు మారినప్పుడు పాత మెమో వెనక్కి ఇచ్చి సవరించిన మెమో తీసుకోవాలి. పాతది ఇంట్లోనే ఉంచుకుంటే మూడేళ్ల తర్వాత కన్సాలిడేటెడ్ మెమోలో ఆ పేపర్ దగ్గర తిరకాసు వస్తుంది. మర్నాడు మెమో తెచ్చి ఇచ్చింది, నకలు ఒకటి తన దగ్గర ఉంచుకుని. సప్లిమెంటరీకి కట్టిన డబ్బు మాత్రం రాలేదు.